అదే ధరకి మూడేళ్ల నాటి ఫ్లాగ్‌షిప్ ఫోనా, కొత్త మిడ్‌రేంజ్ ఫోనా? ఎలా తేల్చుకోవాలి?

ముప్పై వేల చుట్టుపక్కల ఫోన్ కొందామని వెతికితే ఒక పక్క కొత్త గెలాక్సీ ఏ36, ఇంకో పక్క ఒకప్పుడు డెబ్భై వేలు దాటి అమ్మిన గెలాక్సీ ఎస్22 కనిపిస్తాయి. 2025 జూలైలో కొంటున్నారనుకుని ఈ రెండింటినీ పోల్చి చూపిస్తాను, మీరు చూస్తున్న మోడళ్లు వేరైనా ఇదే వరుసలో వెళ్లండి.

1. అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో ముందు చూడండి

చాలామంది ప్రాసెసర్ దగ్గర మొదలుపెడతారు. నా మాట వినండి, దాన్ని తర్వాత చూడొచ్చు. అప్‌డేట్ల గడువు ఫోన్ మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి నడుస్తుంది గానీ మీరు కొన్న రోజు నుంచి కాదు, సీల్ తీయని డబ్బా కొన్నా సరే. ఎస్22 2022 ఫిబ్రవరిలో వచ్చింది, సెక్యూరిటీ అప్‌డేట్లు ఐదేళ్లు, అంటే 2027 మొదట్లో ఆగిపోతాయి. 2025 మార్చిలో వచ్చిన ఏ36కి ఆరేళ్లు, అంటే 2031 దాకా.

ఇప్పుడు దీన్ని డబ్బుల్లోకి మార్చండి. ఎస్22 ముప్పై వేలు, బ్యాటరీ మార్పించడానికి ఇంకో మూడు వేలు అనుకుందాం. మిగిలింది దాదాపు 20 నెలలు, అంటే నెలకి 1,650 రూపాయలు పడుతుంది. ఏ36ని నాలుగేళ్లు వాడి పక్కన పెట్టేసినా నెలకి 625. గడువు అయిపోగానే ఫోన్ ఆగిపోదు, నిజమే, కానీ యూపీఐ, బ్యాంకు యాప్‌లు ఉన్న ఫోన్‌లో కొత్తగా బయటపడే లోపాలని సరిచేసేవాళ్లు ఉండరు కాబట్టి ఆ తర్వాతి కాలాన్ని నేను లెక్కలో కలపను.

అదే ఎస్23 ఈ ధరకి దొరికితే లెక్క మారుతుంది. అది 2023 ఫిబ్రవరి ఫోన్, ఇంకో ఏడాది కలిసొస్తుంది.

2. బ్యాటరీ

ఎస్22లో ఉన్నది 3,700 ఎంఏహెచ్, కొత్తలోనే అంతంతమాత్రం. ఏ36లో 5,000. వాడిన ఫోన్ అయితే Samsung Members యాప్ తెరిచి అందులోని డయాగ్నస్టిక్స్‌లో బ్యాటరీ పరిస్థితి చూడండి. వాడకుండా డబ్బాలోనే ఉండిపోయిన ఫోన్ అని చెప్పినా చూడాల్సిందే, లిథియం బ్యాటరీ ఊరికే ఉన్నా పాతబడుతుంది.

3. స్పీడు కాదు, వేడెక్కాక ఎంత స్పీడు మిగులుతుందో చూడండి

ఎస్22లో మన దగ్గర వచ్చిన చిప్ స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 1. గేముల్లో గ్రాఫిక్స్ విషయానికొస్తే ఏ36లోని స్నాప్‌డ్రాగన్ 6 జెన్ 3 దీని దరిదాపుల్లోకి రాదు. కాకపోతే 8 జెన్ 1 వేడెక్కడంలో పేరు మోసిన చిప్, వేడెక్కగానే తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది, అందుకే యూట్యూబ్‌లో చూపించే ఒక్కసారి స్కోరుని చూసి నిర్ణయించుకోవద్దు. 3DMark యాప్‌లో Wild Life Stress Test అని 20 నిమిషాల పరీక్ష ఉంటుంది, అది చివర్లో అన్నిటికంటే ఎక్కువ వచ్చిన రౌండ్ స్కోరులో అన్నిటికంటే తక్కువ వచ్చిన రౌండ్ స్కోరు ఎంత శాతమో చూపిస్తుంది. షాపులో అంతసేపు కుదరదంటే పది నిమిషాలు 4కే వీడియో తీసి ఫోన్ వెనకభాగం పట్టుకుని చూడండి. ఈ విషయంలో కూడా ఎస్23 నయం, దాని చిప్ బాగా చల్లగా నడుస్తుంది.

4. కెమెరా: మెగాపిక్సెళ్లు చూడొద్దు, జూమ్ చేసి చూడండి

రెండింటిలోనూ మెయిన్ కెమెరా 50 మెగాపిక్సెలే, పగటి వెలుతురులో తీస్తే తేడా పెద్దగా తెలియదు. అందుకే షాపులో లైట్లు తక్కువున్న మూలకి వెళ్లి, అవతలి గోడ మీది బోర్డుని రెండు ఫోన్లలోనూ 3x పెట్టి తీయండి. ఎస్22లో 3x కోసం విడిగా లెన్స్ ఉంది. ఏ36లో లేదు, అది ఉన్న ఫొటోనే కత్తిరించి పెద్దది చేస్తుంది, చిన్న అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. స్కూల్ ఫంక్షన్లో స్టేజి మీద పిల్లల్ని వెనక వరసలో కూర్చుని తీసేవాళ్లకి ఇది నిజంగా పనికొచ్చే తేడా.

5. తేల్చుకోవడం

నాలుగేళ్లు వాడతాను, ఛార్జింగ్ టెన్షన్ వద్దు అనుకుంటే ఏ36 తీసుకోండి, ఎక్కువమందికి నేను చెప్పేది అదే. చేతిలో ఇమిడే 6.1 అంగుళాల ఫోన్, జూమ్, వైర్‌లెస్ ఛార్జింగ్ కావాలి, రెండేళ్లలోపు ఎలాగూ మారుస్తాను అనుకునేవాళ్లు ఎస్22 తీసుకోవచ్చు, అది కూడా ధర ఏ36 కంటే బాగా తగ్గితేనే.

వాడిన ఫోనే తీసుకుంటుంటే డబ్బులిచ్చేముందు *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు చూసుకోండి, అది బిల్లు మీది నంబరుతో కలవాలి. తర్వాత KYM అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు టైప్ చేసి 14422కి ఎస్సెమ్మెస్ పంపండి. బ్లాక్ చేసిన ఫోన్ అని జవాబొస్తే ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి.