వేయించిన నూనెను మళ్లీ ఎలా వాడాలి, ఎప్పుడు పారేయాలి?

డీప్ ఫ్రై చేసిన నూనెను ఎన్నిసార్లు వాడొచ్చని అడిగితే చాలామంది రెండు లేదా మూడు అని చెప్పేస్తారు. ఇంట్లో వంటకు ఆ లెక్క తప్పేమీ కాదు. కాకపోతే ఆ నూనెలో ఏం వేయించారు, ఎంతసేపు కాగింది, ఎంత వేడెక్కింది అన్నదాన్ని బట్టి ఒక్కసారికే పాడైపోవచ్చు, నాలుగోసారికి కూడా పనికిరావచ్చు.

ఒక లీటరు నూనె తీసుకుందాం. మొదట తడి ఆరబెట్టిన బంగాళదుంప ముక్కలు వేయించారు. దుంప పెద్దగా పొడి రాల్చదు, వాసనా వదలదు, కాబట్టి నూనె దాదాపు శుభ్రంగానే ఉంటుంది. వడకట్టి దాచి, రెండోసారి కూడా దుంపలే వేయించొచ్చు. మూడోసారి పిండి పట్టించిన చికెన్ వేశారనుకోండి, రాలిన పిండి అడుగున మాడుతుంది, మాంసంలోని కొవ్వు, రసం నూనెలో కలుస్తాయి. ఇక అక్కడితో దాని పని అయిపోయినట్టే. అదే వరస తిప్పేసి మొదటే చికెన్ వేస్తే, ఆ తర్వాత దుంపలకు మంచి నూనె మిగలదు. చేప వేయించిన నూనెలో చేప తప్ప ఇంకేదీ వేయకపోవడమే మేలు, ఆ వాసన ఎంత వడకట్టినా పోదు.

వేయించేటప్పుడే కొంత జాగ్రత్త పడాలి. నూనె 170 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే చాలు. థర్మామీటర్ లేకపోతే చిన్న బ్రెడ్ ముక్క వేసి చూడండి, సుమారు నిమిషంలో ఎర్రబడితే వేడి సరిపోయినట్టు. పొగ వచ్చిందంటే మంట ఎక్కువైంది. ఉప్పు వేయించాక చల్లండి, రాలిన ముక్కల్ని జల్లిగరిటెతో ఎప్పటికప్పుడు తీసేయండి, ఒక వాయి అయ్యాక ఇంకో వాయికి ఇంకా టైముంటే స్టవ్ ఆపేయండి. ఏమీ వేయకుండా ఊరికే కాగుతున్న నూనె కూడా పాడవుతూనే ఉంటుంది.

పని అయ్యాక నూనెను అలాగే వదిలేసి చల్లారనివ్వండి. వేడి నూనెను ఇంకో పాత్రలోకి వంచే ప్రయత్నం వద్దు, ఒలికితే చర్మం ఊడిపోతుంది. బాగా చల్లారి చేతికి గోరువెచ్చగా తగులుతున్నప్పుడు వడకట్టడం సులువు, ఎందుకంటే పూర్తిగా చల్లబడితే చిక్కబడి గుడ్డలోంచి నెమ్మదిగా దిగుతుంది. సన్న జాలీ మీద మడతపెట్టిన పలుచని నూలు గుడ్డ గానీ కాఫీ ఫిల్టర్ కాగితం గానీ వేసి మెల్లగా పోయండి. గుడ్డా, కిందపెట్టే పాత్రా పూర్తిగా పొడిగా ఉండాలి. అడుగున మిగిలే నల్లటి మడ్డిని మాత్రం కక్కుర్తిపడి వంచకండి, ఆ రెండు చెంచాలు పోయినా పర్వాలేదు, అది మళ్లీ కాగినప్పుడు మాడి నూనె మొత్తాన్ని చేదెక్కిస్తుంది.

వడకట్టడం వల్ల పోయేది ముక్కలూ మడ్డీ మాత్రమే. వేడికి విరిగిపోయిన నూనె మళ్లీ కొత్తది కాదు. వాసన పోగొట్టే చిట్కాలన్నీ కూడా అంతే, ముక్కును మోసం చేస్తాయి గానీ నూనెను బాగు చేయవు.

దాచడానికి బిగుతు మూత ఉన్న గాజు సీసా గానీ స్టీలు డబ్బా గానీ మంచిది. రాగి, ఇత్తడి, ఇనుప పాత్రలు వద్దు, ఆ లోహాలు నూనె కమురెక్కడాన్ని వేగం చేస్తాయి. స్టవ్ పక్కన కాకుండా చల్లగా, చీకటిగా ఉండే చోట పెట్టి ఒక నెలలోపు వాడేయండి. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా నయం. అక్కడ మబ్బుగా మారి గడ్డకట్టినట్టు కనిపిస్తే కంగారుపడకండి, బయట పెడితే తేటపడుతుంది. కాకపోతే మామూలు వేడికి వచ్చేదాకా మూత తీయకండి, లేకపోతే గాలిలోని తేమ లోపలికి చేరి తర్వాత కాగేటప్పుడు చిటపటమంటుంది. సీసా మీద తేదీ, ఏం వేయించారో రాసి అంటించండి, తర్వాత గుర్తుండదు.

ఇక పాడైందని ఎలా తెలుస్తుంది? రంగును ఒక్కదాన్నే నమ్మకండి, కారప్పొడి తగిలినా నూనె ఎర్రగా అవుతుంది. నురగ చూడండి. మంచి నూనెలో ముక్క వేయగానే పెద్ద బుడగలు వచ్చి పగిలిపోతాయి, తేమ తగ్గేకొద్దీ అవీ తగ్గుతాయి. పాడైన నూనెలో సబ్బు నురగలా చిన్న బుడగలు దట్టంగా పైకి లేచి అణగకుండా ఉంటాయి. ఇంతకుముందు పొగ రాని వేడికే ఇప్పుడు కళ్లు మండేలా పొగ వస్తున్నా, కాగకముందే కమురు వాసన కొడుతున్నా, చిక్కబడి వేళ్లకు జిగటగా అంటుతున్నా, మూకుడు అంచున గోకినా రాని బంకలాంటి పొర కడుతున్నా, వేయించినవి నూనె ఎక్కువగా పీల్చి మెత్తబడుతున్నా ఇక వాడకండి. వీటిలో ఒక్కటి కనిపించినా చాలు. కొత్త నూనె కలిపితే సర్దుకుంటుందని కొందరు అనుకుంటారు. సర్దుకోదు, పాతదానిలో పుట్టిన పదార్థాలు కొత్తదాన్నీ త్వరగా చెడగొడతాయి.

పారేసేటప్పుడు సింకులో పోయకండి, పైపులోపల పేరుకుని అడ్డం పడుతుంది. పూర్తిగా చల్లారాక పాత సీసాలో పోసి మూత బిగించి చెత్తలో వేయండి, మూకుడులో మిగిలిన జిడ్డును కాగితంతో తుడిచాకే కడగండి.