మూతపడిన షాపులను లెక్కలోకి ఎలా తేవాలి?

ఒక చెయిన్ 2021లో 10 షాపులు తెరిచింది అనుకుందాం. మొదటి ఏడాది షాపుకు రోజుకు సగటున 90 బిల్లులు పడ్డాయి. మూడో ఏడాదికి సగటు 108 అయింది. "షాపు పాతబడేకొద్దీ వ్యాపారం 20 శాతం పెరుగుతుంది" అని రిపోర్టు రాసేస్తారు. లెక్కలో తప్పు లేదు, కానీ అందులో రాసిన మాట అబద్ధం. మూడో ఏడాదికి మిగిలింది 6 షాపులే. మిగతా 4 ఈలోపే మూతపడ్డాయి. ఇలా మిగిలినవాటిని మాత్రమే చూసి అన్నిటి గురించీ చెప్పేయడాన్నే సర్వైవర్‌షిప్ బయాస్ అంటారు. ఇది మీ డేటాలో ఉందో లేదో ఇలా చూసుకోవచ్చు.

1. మొదలైన రోజునాటి జాబితా తయారు చేయండి

అసలు పని ఇక్కడే. ఇప్పుడున్న షాపుల జాబితా తీసుకుని వెనక్కి వెళ్లకండి. ఒక తేదీ ఎంచుకుని, ఆ రోజుకు ఏయే షాపులు ఉన్నాయో రాసుకుని ముందుకు రండి. చెప్పడం సులువే. చాలాచోట్ల షాపు మూతపడగానే మాస్టర్ టేబుల్లోంచి దాని వరుసనే తీసేస్తారు, లేదంటే స్టేటస్ మార్చేస్తారు. రిపోర్టులో `Active` అనే ఫిల్టర్ ఎప్పుడో ఎవరో పెట్టి ఉంటారు, అది ఉందన్న సంగతే అందరూ మర్చిపోతారు.

పాత బిల్లులను మాత్రం సాధారణంగా ఎవరూ చెరపరు. అందుకే వెతుకులాట అక్కడి నుంచి మొదలుపెట్టండి:

```sql
SELECT DISTINCT b.shop_id
FROM bills b
LEFT JOIN shops s ON s.shop_id = b.shop_id
WHERE s.shop_id IS NULL
   OR s.status <> 'Active';
```

ఇందులో వచ్చిన కోడ్‌లే మీ రిపోర్టులో కనబడని షాపులు. బిల్లులు కూడా లేకపోతే పాత అద్దె ఒప్పందాలు, జీతాల పట్టీలు చూడండి. ఒక జాగ్రత్త: పక్క వీధికి మారిన షాపుకు కొత్త కోడ్ ఇచ్చి ఉండొచ్చు. అది మూతపడినట్టు కాదు. ఒక్కో కోడ్ గురించీ తెలిసినవాళ్లను అడిగి, మూసిన తేదీ, కారణం రాసుకోండి.

2. అవే షాపులను రెండుసార్లు కొలవండి

మన 10 షాపులను విడదీసి చూద్దాం. మిగిలిన 6 షాపులకు మొదటి ఏడాదిలోనే రోజుకు సగటున 110 బిల్లులు పడ్డాయి. మూతపడిన 4 షాపులకు 60 చొప్పున. అన్నీ కలిపితే 660 ప్లస్ 240, అంటే 900. పదితో భాగిస్తే 90.

ఇప్పుడు ఆ 6 షాపులనే మూడో ఏడాదిలో చూడండి. 110 నుంచి 108కి వచ్చాయి. పెరగడం మాట అటుంచి, కాస్త తగ్గాయి. సగటున షాపులు ఎదగలేదు, బలహీనమైనవి వెళ్లిపోవడంతో సగటు పైకి లేచిందంతే.

సరే, మొదటి నుంచీ ఈ 6 షాపుల డేటానే చూస్తే గొడవ ఉండదు కదా అనిపిస్తుంది. అప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. కొత్తగా తెరిచే షాపుకు మొదటి ఏడాది 110 బిల్లులు వస్తాయని బడ్జెట్ వేస్తారు. తెరిచే రోజున అది ఏ గుంపులో పడుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి, వేసుకోవాల్సిన అంచనా 90.

3. మూతపడ్డాక సున్నా వేయాలా?

అది మీరు అడిగే ప్రశ్నను బట్టి ఉంటుంది. "తెరిచిన ప్రతి షాపుకు మూడో ఏడాదిలో ఎంత వస్తోంది?" అంటే సున్నా వేయాల్సిందే: 648ని 10తో భాగిస్తే 64.8. పెట్టుబడి పెట్టేవాళ్లకు కావాల్సిన అంకె ఇదే. "నడుస్తున్న షాపు ఎలా నడుస్తోంది?" అన్నది ప్రశ్న అయితే 108 సరైనదే. ఏడాది మధ్యలో మూతపడిన షాపు రోజు సగటు కోసం మాత్రం దాని బిల్లులను అది తెరిచి ఉన్న రోజులతోనే భాగించండి.

4. ఇంకా వయసు రాని షాపులను బతికినట్టు లెక్కేయకండి

ఇంకో ఉదాహరణ. 20 షాపుల్లో మొదటి ఏడాది 2 మూతపడ్డాయి, 18 మిగిలాయి. వాటిలో 8 కొత్తవి, ఇప్పుడే ఏడాది నిండింది. మిగతా 10 షాపుల రెండో ఏడాది పూర్తిగా మన కళ్ల ముందే గడిచింది, అందులో 2 మూతపడ్డాయి. మొత్తం 20లో 4 పోయాయి కాబట్టి రెండేళ్లకు 80 శాతం నిలుస్తాయి అనడం తప్పు. ఏ ఏడాదికి ఆ ఏడాది లెక్క తీయాలి: మొదటిది 90 శాతం, రెండోది 80 శాతం. 0.9ని 0.8తో గుణిస్తే 72 శాతం. 1958లో కప్లాన్, మైయర్ అనే ఇద్దరు ప్రచురించిన పద్ధతికి మూలం ఇదే. అయితే పది షాపుల్లో ఒక్కటి అటూ ఇటూ అయినా పది శాతం మారిపోతుంది, కాబట్టి ఈ అంకెలను ఉజ్జాయింపుగానే చూడండి.

5. రిపోర్టులోనూ, టేబుల్లోనూ మార్చండి

ప్రతి సగటు పక్కన "తెరిచినవి 10, ఉన్నవి 6" అని రాయండి. షాపుల టేబుల్లో వరుస తీసేయడం మాన్పించి, `closed_on` అని ఒక కాలమ్ పెట్టించండి. వచ్చే ఏడాది ఇదే లెక్క చేసేవాళ్లు పాత అద్దె కాగితాలు తిరగేయాల్సిన పని ఉండదు.