సొంత తయారీలో ఒక్కో బ్యాచ్‌కి ఎన్ని పీసులు చేయాలి? లెక్క కట్టడం ఎలా?

భీమవరం, ఉండి మధ్య ఒక షెడ్డు ఉందనుకుందాం. రొయ్యల చెరువులకు ఏరేటర్లు బిగించి అమ్ముతారు. నీళ్లను చిలికే ప్లాస్టిక్ చక్రాలను బయట కొనకుండా తమ మౌల్డింగ్ మెషిన్ మీదే పోసుకుంటారు. అదే మెషిన్ మీద మూతలు, బుష్‌లు కూడా చేయాలి కాబట్టి చక్రాల డై, అంటే వాటిని పోసే అచ్చు, ఎక్కించడం, దించడం తప్పదు. డై ఎక్కించిన ప్రతిసారీ ఖర్చు. ఆ ఖర్చుకు భయపడి ఒకేసారి ఆరు వేల చక్రాలు పోసేస్తే డబ్బంతా షెడ్డులో గుట్టగా పడి ఉంటుంది. ఈ రెండు ఖర్చులూ కలిపి తక్కువయ్యే బ్యాచ్ సైజునే ఎకనామిక్ ప్రొడక్షన్ క్వాంటిటీ, పొట్టిగా ఈపీక్యూ అంటారు. దీన్ని 1918లో ఈ.డబ్ల్యూ. టాఫ్ట్ అనే ఆయన ప్రకటించాడు.

ముందు నాలుగు అంకెలు రాసుకోండి

వాడకం: రోజుకు 15 ఏరేటర్లు, ఒక్కోదానికి నాలుగు చక్రాలు. అంటే రోజుకు 60, ఏడాదికి 300 పనిదినాల లెక్కన 18,000.

తయారీ వేగం: రోజుకు ఒకే షిఫ్టు, అందులో 240 మంచి పీసులు. కేటలాగులో రాసిన వేగం కాదు, రిజెక్టులు తీసేశాక చేతికొచ్చినవి. వాడకాన్ని పనిదినాల మీద లెక్కేస్తే వేగాన్నీ పనిదినాల మీదే వేయాలి. ఒకటి 365 రోజులకు, ఇంకోటి 300 రోజులకు వేస్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

సెట్టింగ్ ఖర్చు: చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. డై మార్చడానికి పిలిస్తే వచ్చే ఫిట్టర్‌కు 1,200 రూపాయలు, బ్యారెల్ శుభ్రం చేయడంలో, మొదటి పీసులు కుదిరేదాకా పోయే ప్లాస్టిక్ 900, వేడెక్కించే కరెంటు 350. మొత్తం 2,450. నెల జీతం మీదున్న ఆపరేటర్ అరపూట జీతాన్ని ఇందులో కలపకూడదు, ఎందుకంటే డై మార్చినా మార్చకపోయినా ఆ జీతం ఇస్తూనే ఉంటారు. మెషిన్ అరపూట ఆగిన నష్టం సంగతేమిటి? మెషిన్‌కు ఖాళీ రోజులుంటే ఆ నష్టం సున్నా. రోజంతా నడుస్తూ, బయటి ఆర్డర్లు వెనక్కి పంపాల్సి వస్తుంటే మాత్రం ఆ అరపూటలో పోయిన లాభాన్ని తప్పక కలపాలి. ఒకే షెడ్డులో ఒకే డైకి ఈ ఖర్చు సీజన్‌లో ఒకలా, మిగతా రోజుల్లో ఇంకోలా ఉండొచ్చు.

నిల్వ ఖర్చు: చక్రం తయారవడానికి 150 రూపాయలు పడుతుందనుకోండి. అమ్మకం ధర కాదు, మన చేతినుంచి పోయిన డబ్బే తీసుకోవాలి. సీసీ లోను వడ్డీ 11 శాతం, చోటుకు, విరిగిపోవడానికి 5 శాతం వేస్తే 16 శాతం. ఒక చక్రం ఏడాది పాటు షెడ్డులో ఉంటే 24 రూపాయలు.

ఇప్పుడు సూత్రం

```
Q = √( 2 × D × S / ( H × (1 − d/p) ) )
```

D ఏడాది వాడకం, S సెట్టింగ్ ఖర్చు, H ఏడాదికి ఒక పీసు నిల్వ ఖర్చు, d రోజు వాడకం, p రోజు తయారీ.

బయటినుంచి సరుకు కొనేవాళ్లు వాడే సూత్రంలో ఆ చివరి (1 − d/p) ఉండదు, ఎందుకంటే లారీ వస్తే సరుకంతా ఒకేసారి దిగుతుంది. మనకు అలా కాదు. మెషిన్ 240 పోస్తుంటే పక్కన బిగింపు వాళ్లు 60 తీసుకుపోతుంటారు, రోజుకు 180 మాత్రమే మిగులుతాయి. నిల్వ ఎప్పుడూ బ్యాచ్ అంత ఎత్తుకు పెరగదు, అందులో ముప్పావు వంతే. నిల్వ తక్కువ కాబట్టి బ్యాచ్‌ను కాస్త పెద్దది చేసుకోవచ్చు.

1 − 60/240 = 0.75. నిల్వ ఖర్చు 24 × 0.75 = 18. వర్గమూలం లోపల 2 × 18,000 × 2,450 / 18, అంటే 49,00,000. దాని వర్గమూలం సుమారు 2,214.

షిఫ్టు మధ్యలో డై దించలేం కదా. 2,214ను పూర్తి షిఫ్టులకు సరిచేస్తే తొమ్మిది షిఫ్టులు, 2,160 చక్రాలు. 36 పనిదినాలకు ఒక బ్యాచ్. మొదటి తొమ్మిది రోజులు తయారీ, తర్వాత 27 రోజులు నిల్వలోంచి వాడకం. నిల్వ గరిష్ఠంగా 1,620కి చేరుతుంది.

ఎంత మిగిలింది?

2,160 బ్యాచ్‌కి ఏడాదిలో సెట్టింగులకు సుమారు 20,400, నిల్వకు 19,400 రూపాయలు. మొత్తం 40 వేలకు కొంచెం తక్కువ. ఆరు వేలు ఒకేసారి పోసే అలవాటుకు సెట్టింగులు 7,350 మాత్రమే, కానీ నిల్వకు 54,000, మొత్తం 61,350. రెండేసి షిఫ్టులకు, అంటే 480కే డై మారుస్తూ పోతే మొత్తం 96 వేలు దాటుతుంది.

అయితే సరైన అంకె చుట్టుపక్కల ఖర్చు పెద్దగా కదలదు. వానాకాలంలో కప్పు కింద చోటు చాలక 1,300 చక్రాలే పడతాయనుకోండి. ఏడు షిఫ్టులు, 1,680 పోస్తే నిల్వ 1,260 దాటదు, ఏడాదికి అదనంగా అయ్యేది 1,500 రూపాయలే. దానికోసం కొత్త రేకుల షెడ్డు వేయడం దండగ.

సీజన్‌లో లెక్క మారుతుంది

ఈ సూత్రం వాడకం ఏడాదంతా ఒకేలా ఉందని నమ్ముతుంది. డెల్టాలో అలా ఉండదు. వేసవి పంటకు పిల్ల వేసే రోజులొస్తే ఏరేటర్లకు ఒక్కసారిగా గిరాకీ. రోజుకు 30 ఏరేటర్లు పోతున్నాయంటే వాడకం 120 చక్రాలు. అప్పుడు D స్థానంలో అదే జోరు ఏడాదంతా ఉంటే ఎంతో, ఆ 36,000 వేయాలి. 1 − d/p కూడా 0.5కి పడిపోతుంది. Q సుమారు 3,834, అంటే 16 షిఫ్టులు. వాడకం రెట్టింపైతే బ్యాచ్ వర్గమూలం ప్రకారం 1.4 రెట్లే పెరగాలని సాధారణంగా అనుకుంటాం, ఇక్కడ 1.7 రెట్లు పెరిగింది. మెషిన్ వేగానికి వాడకం దగ్గరయ్యేకొద్దీ బ్యాచ్ ఇలాగే సాగుతుంది. సీజన్ ఎన్నాళ్లుంటుందో చూసుకోకుండా చివరి బ్యాచ్ కూడా ఇంతే పోస్తే మిగిలినవి నెలల తరబడి పడి ఉంటాయి.

డై ఎప్పుడు ఎక్కించాలి?

సెట్టింగ్‌కు అరపూట, మెషిన్ మీదున్న వేరే పని పూర్తవడానికి రెండు రోజుల దాకా పట్టొచ్చు. మూడు రోజుల వాడకం, అంటే 180 చక్రాలు మిగిలినప్పుడే ఫిట్టర్‌కు ఫోన్ చేయాలి. మూతలు, బుష్‌ల బ్యాచ్‌లూ ఆ మిగతా 27 రోజుల్లోనే, వాటి సెట్టింగ్ సమయంతో సహా పట్టాలి. పట్టకపోతే ఒక్కో వస్తువుకు విడిగా వచ్చిన ఈపీక్యూ కాగితం మీదే ఉంటుంది. అప్పుడు అన్నిటికీ బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య ఒకే గడువు, ఉదాహరణకు 36 రోజులు, పెట్టుకుని వరసగా చేసుకోవడమే సులువు.

లెక్క సరిగా నడుస్తోందా అన్నది బ్యాచ్ అయిపోయిన సాయంత్రం తెలుస్తుంది. మొదలుపెట్టినప్పుడున్న నిల్వ తీసేసి లెక్కపెడితే 1,620 దగ్గర ఉండాలి. 1,400కే ఆగితే, వాడకం 60 దాటలేదని రిజిస్టరులో చూసుకోండి. దాటకపోతే షిఫ్టుకు 215 మంచి పీసులే వస్తున్నాయన్నమాట. p మార్చి లెక్క తిరిగి వేసే ముందు రిజెక్టులు ఎందుకు పెరిగాయో డై దగ్గరికెళ్లి చూడాలి.