పరేటో పట్టిక వేసినా అసలు దోషి దొరకడం లేదా? సమస్య - పరిష్కారం

జీడిమెట్లలో నైలాన్ విడిభాగాలు పోసే ఒక మౌల్డింగ్ యూనిట్ అనుకుందాం. నెలకు 40,000 పీసులు పోస్తే మొదటి తనిఖీలో 400 రిజెక్ట్ అవుతున్నాయి. క్వాలిటీ వాళ్లు నెలాఖరున లోపాలను ఎక్కువ నుంచి తక్కువకు పేర్చే పరేటో పట్టిక వేసి గోడకు అంటిస్తారు, మీటింగ్ అవుతుంది, మరుసటి నెల మళ్లీ 400. ఇలాంటప్పుడు తప్పు మెషీన్‌ కన్నా ముందు పట్టికలో వెతకాలి. కింది లెక్కలన్నీ ఈ ఊహా యూనిట్‌వే.

లక్షణం 1: పట్టిక చదునుగా ఉంది, "ఇతరములు" పైన కూర్చుంది

ఇతరములు 92, ఫ్లాష్ 58, నల్ల మచ్చలు 50, షార్ట్ 46, తెల్ల గీతలు 40, సగం పీసు 36, సిల్వర్ 34, బర్ 26, ఆధా పీస్ 18. తొమ్మిది వరుసలున్నా ఏదీ తల ఎత్తి కనపడదు.

కారణం: ఒకే లోపానికి మూడు పేర్లు. అచ్చు నిండని పీసును పగటి షిఫ్టు ఇన్‌స్పెక్టర్ "షార్ట్" అని రాస్తాడు, రెండో షిఫ్టులో "సగం పీసు" అవుతుంది, రాత్రి హిందీ మాట్లాడే కుర్రాడి చేతిలో "ఆధా పీస్" అవుతుంది. ముగ్గురూ రాసింది నిజమే, కానీ వంద పీసుల లోపం మూడు ముక్కలై కిందికి జారిపోయింది. ఇక పేరు తోచనిదల్లా "ఇతరములు"లో పడుతుంది.

పరిష్కారం: పేర్లు రాయించడం మానేయండి. ఒక చెక్క బోర్డు మీద ఒక్కో లోపానికి అసలైన రిజెక్ట్ పీసు ఒకటి బిగించి, కింద 1 నుంచి 5 దాకా నంబరు వేసి తనిఖీ బల్ల దగ్గర వేలాడదీయండి. చెక్ షీట్‌లో నంబరు ఎదురుగా గీత గీస్తే చాలు. ఏ భాష వాడైనా బోర్డు మీది పీసుతో పోల్చుకుంటాడు. ఎక్సెల్‌లో ఎక్కించేవాళ్లకు `Data Validation` లిస్టు పెడితే ఆ ఐదు తప్ప ఇంకోటి టైపు కాదు.

"ఇతరములు" కుప్పను మాత్రం కాగితం మీద పంచకూడదు. రిజెక్ట్ డబ్బా బల్ల మీద బోర్లించి చేత్తో ఏరాలి. అందుకే నెల ముగిసేదాకా రిజెక్ట్ పీసులను గ్రైండర్‌లో వేయనివ్వకండి. ఇక్కడ 92 ఏరితే 62 తెల్ల గీతలు, 14 షార్ట్, 8 ఫ్లాష్, నిజంగా విడివిడిగా మిగిలినవి 8 తేలాయనుకుందాం. తెల్ల గీతలూ సిల్వరూ ఒకటే, అచ్చు అంచున పొంగిన పలుచటి పొరకు పెట్టిన ఫ్లాషూ బర్రూ ఒకటే. అన్నీ కలిపాక:

| లోపం | పీసులు | శాతం | కూడిక శాతం | నష్టం ₹ |
|---|---|---|---|---|
| సిల్వర్ గీతలు | 136 | 34 | 34 | 816 |
| షార్ట్ | 114 | 28.5 | 62.5 | 684 |
| ఫ్లాష్ | 92 | 23 | 85.5 | 138 |
| నల్ల మచ్చలు | 50 | 12.5 | 98 | 1,900 |
| ఇతరములు | 8 | 2 | 100 | 48 |

"ఇతరములు" ఎంత ఉన్నా చివరి వరుసలోనే ఉంచడం ఆనవాయితీ. అది మొత్తంలో పదో వంతు దాటిందంటే మళ్లీ డబ్బా బోర్లించాల్సిందే.

లక్షణం 2: చివరి వరుసలో కూడిక శాతం 100 రావడం లేదు

ఇది చిన్న తప్పు. `$` గుర్తు మరిచిపోతే ఫార్ములా కిందికి లాగినప్పుడు మొదలు, మొత్తం రెండూ జారిపోతాయి. ముందు పీసుల ప్రకారం పెద్ద నుంచి చిన్నకు పేర్చి, C2లో ఇది వేసి కిందికి లాగండి:

```
=SUM($B$2:B2)/SUM($B$2:$B$6)
```

చివర 50 శాతం దగ్గర ఆగిపోతే "మొత్తం" వరుస కూడా రేంజ్‌లో కలిసిందని అర్థం.

లక్షణం 3: పై వరుసను సరిచేశారు, నష్టం పెద్దగా తగ్గలేదు

కారణం: పీసులు లెక్కపెట్టారు, రూపాయలు లెక్కపెట్టలేదు. ఫ్లాష్ వచ్చిన పీసును బ్లేడుతో గీకితే పోతుంది, కూలి పీసుకు రూపాయిన్నర. సిల్వర్, షార్ట్ పీసులు గ్రైండర్‌లోకి వెళ్తాయి, నష్టం ఆరేసి రూపాయలు. నల్ల మచ్చలేమో ఇత్తడి ఇన్‌సర్ట్ పెట్టి పోసే పీసులోనే వస్తున్నాయి. ఇత్తడితో సహా గ్రైండర్‌లో వేయలేం కాబట్టి పీసుకు 38 రూపాయలు పోతాయి.

పరిష్కారం: పట్టికను రూపాయల ప్రకారం మళ్లీ పేర్చండి. మొత్తం ₹3,586లో నల్ల మచ్చలే ₹1,900, అంటే 53 శాతం. నాలుగో వరుసలో దాక్కున్నది మొదటికొచ్చింది. "కీలకమైన కొన్ని" అన్న మాట వాడుకలోకి తెచ్చిన జురాన్, సంపద పంపకాన్ని గమనించిన పరేటో పేరు దీనికి పెట్టాడు. ఇరవై శాతం కారణాలే ఎనభై శాతం నష్టం తెస్తాయనే 80-20 అన్నది మీ పట్టిక పాటించి తీరాల్సిన చట్టం కాదు. ఇక్కడ అయిదింట్లో ఒక్కటే సగానికి పైగా మింగుతోంది.

లక్షణం 4: మొదటి వరుస తెలిసింది, ఏం చేయాలో తెలియడం లేదు

"నల్ల మచ్చ" కంటికి కనపడే లోపం, కారణం కాదు. చాలా టీములు ఇక్కడే ఆగి మెటీరియల్ సప్లయర్‌కు మెయిల్ పెడతాయి. దానికి ముందు ఆ 50 పీసులకే రెండో పరేటో వేయాలి, ఈసారి లోపం పేరుతో కాదు, వచ్చిన సమయంతో. చెక్ షీట్‌లో గంట గడి ఉంటేనే ఇది కుదురుతుంది.

ఆ గంటలను మెషీన్ ఆగిన లాగ్‌బుక్ పక్కన పెట్టి చూస్తే, 50లో 37 మెషీన్ ఆగి మళ్లీ మొదలైన అరగంటలోపు వచ్చాయనుకుందాం. ఇన్‌సర్ట్‌లు చేత్తో పెట్టే పని కాబట్టి, అవి అయిపోయినప్పుడల్లా మెషీన్ ఆగుతుంది. నైలాన్‌ను కరిగించే బ్యారెల్ హీటర్లు మాత్రం కాలుతూనే ఉంటాయి. బ్యారెల్‌లో నిలిచిన నైలాన్ మాడి, మళ్లీ మొదలుపెట్టగానే రేణువులుగా వచ్చి పీసులో కూర్చుంటుంది.

రూఢి చేసుకోవడం తేలిక. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పర్జ్ చేసి, అంటే బ్యారెల్‌లోని పాత నైలాన్‌ను బయటికి తోసేసి, ఆ ముద్దను చల్లారాక కోసి చూడండి: గోధుమ రంగు చారలుంటే మాడుడే. మచ్చలు షాట్ షాట్‌కూ తగ్గుతూ పోతాయి. అలా కాక రోజంతా ఒకే తీరుగా వస్తుంటే అనుమానం గ్రైండర్‌లో పొడి చేసి మళ్లీ వాడే రీగ్రైండ్ మీదికో, నైలాన్ గింజలు పోసే హాపర్ శుభ్రత మీదికో మళ్లాలి.

మందు: షిఫ్టుకు సరిపడా ఇన్‌సర్ట్‌లు ముందే లెక్కపెట్టి మెషీన్ దగ్గర పెట్టడం, ఆగుడు పది నిమిషాలు దాటేలా ఉంటే బ్యారెల్ వేడి తగ్గించడం, తిరిగి మొదలుపెట్టేముందు ముద్ద శుభ్రంగా వచ్చేదాకా పర్జ్ చేయడం. పర్జ్ ముద్దలో పోయే నైలాన్ ఖర్చు 38 రూపాయల పీసు ముందు తక్కువే.

లక్షణం 5: మచ్చలు తగ్గాయి, కానీ సిల్వర్ పెరిగినట్టు కనపడుతోంది

మరుసటి నెల 32,000 పీసులు పోశారు. సిల్వర్ 112, షార్ట్ 90, ఫ్లాష్ 75, మచ్చలు 9, ఇతరములు 6, మొత్తం 292. సిల్వర్ 34 శాతం నుంచి 38.4కు ఎక్కింది. సిల్వర్ ఎక్కువగా నైలాన్‌లోని తేమ వల్ల వస్తుంది కాబట్టి డ్రయ్యర్ ఆపరేటర్‌కు చీవాట్లు.

కారణం: శాతాలన్నీ కలిపి ఎప్పుడూ వందే. ఒకటి కుంగితే పక్కవి ఏమీ చేయకుండానే లేస్తాయి. పోసిన వెయ్యి పీసులకు ఎన్ని అన్న గడి చేర్చండి: సిల్వర్ పోయిన నెల 3.4, ఈ నెల 3.5, అంటే ఉన్నచోటే ఉంది. మచ్చలు 1.25 నుంచి 0.28కి దిగాయి. రెండు నెలల పట్టికలను పక్కపక్కన పెట్టేటప్పుడు ఈ గడినే చూడాలి. డ్రయ్యర్ సంగతి తరువాతి వంతు: వానాకాలంలో ఉదయం షిఫ్టు మొదటి రెండు గంటల్లోనే సిల్వర్ గుమిగూడుతోందేమో గంట గడిలో చూసి, రాత్రి డ్రయ్యర్ ఎవరు ఆపుతున్నారో అడగండి.