బీపీ 90/60 వచ్చింది: ఎప్పుడు వదిలేయాలి, ఎప్పుడు వెతకాలి

సమస్య: మెషిన్ 90/60 చూపిస్తోంది, ఒంట్లో మాత్రం ఏ తేడా లేదు

ముందు కొలిచిన తీరు సరిచూసుకోండి. సన్నటి చేతికి పెద్ద పట్టీ చుట్టినా, చెయ్యి గుండె కంటే ఎత్తులో పెట్టినా బీపీ ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. అయిదు నిమిషాలు కూర్చుని, చేతిని బల్ల మీద గుండె ఎత్తులో ఆనించి, మళ్లీ చూడండి.

అప్పుడూ అంతే వస్తే పాత చీటీలు తీయండి. ఏళ్ల తరబడి 92, 94 దగ్గరే ఉంటే అది మీ మామూలు బీపీ. సన్నగా ఉండే ఆడపిల్లల్లో, రోజూ గట్టిగా వ్యాయామం చేసేవాళ్లలో, నెలలు నిండని గర్భిణుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. దీనికి మందు అక్కర్లేదు. "లో బీపీ" అనగానే సెలైన్ పెట్టించుకునే అలవాటు మన ఊళ్లలో ఉంది గానీ, అర లీటరు నార్మల్ సెలైన్‌లో ఉండేది నీళ్లూ, నాలుగున్నర గ్రాముల ఉప్పూ మాత్రమే. తినగలిగి, తాగగలిగినవాళ్లకు అది సూదితో ఎక్కాల్సిన పని లేదు.

ఎప్పుడూ 140 ఉండే మనిషికి ఉన్నట్టుండి 98 వస్తే మాత్రం, 90 దాటిందిలే అని ఊరుకోకూడదు. అసలు అంకె కంటే ఎంత పడిందన్నదే ముఖ్యం.

సమస్య: లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి

మనం లేవగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. నరాలు వెంటనే రక్తనాళాలను బిగించి, గుండె వేగం పెంచి దాన్ని సర్దుతాయి. ఒంట్లో నీరు తగ్గినా, మందులు నాళాలను సడలించినా, నరాలే దెబ్బతిన్నా ఆ సర్దుబాటు కుదరదు. కూర్చుని చూసిన బీపీలో ఇది దొరకదు కాబట్టి ఇలా చూడాలి: అయిదు నిమిషాలు పడుకున్నాక బీపీ, పల్స్ రాసుకోండి. నిలబడిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ రాయండి. పక్కన ఒకరు ఉండాలి. కళ్లు తిరిగితే వెంటనే కూర్చోబెట్టాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడితే డాక్టరుకు చూపించాల్సిందే.

ఉదాహరణకు, 66 ఏళ్లాయన. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బిళ్ల, ప్రొస్టేటుకు టామ్సులోసిన్ వాడుతున్నారు. ఎండాకాలం, రెండు రోజులుగా విరేచనాలు. పడుకుంటే 128/76, పల్స్ 74. లేచాక మూడో నిమిషంలో 100/64, పల్స్ 102. బీపీ 28 పడింది, పల్స్ 28 పెరిగింది. అంటే నరాలు పనిచేస్తున్నాయి, నాళాల్లో నీరే చాలడం లేదు. అసలే నీరు పోతుంటే థయజైడ్ ఇంకొంత మూత్రంలోకి పంపుతోంది, టామ్సులోసిన్ నాళాలను సడలిస్తోంది.

ఇలాంటప్పుడు లీటరు నీళ్లలో కలిపే ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను పూర్తి లీటరులోనే కలిపి, గుక్కగుక్కగా తాగించాలి. గుండె నీరసం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎంత తాగాలో ముందే అడగాలి. అదే రోజు డాక్టరుకు ఫోన్ చేసి ఈ అంకెలు చదివి వినిపించాలి; విరేచనాలు తగ్గేదాకా బీపీ బిళ్ల ఆపమని చెప్పవచ్చు. సొంతంగా ఆపేస్తే, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియక వారాల తరబడి అలాగే వదిలేసేవాళ్లే ఎక్కువ. తేరుకున్నాక అదే పరీక్ష మళ్లీ చేయాలి.

అదే మనిషికి బీపీ 28 పడినా పల్స్ 74 నుంచి 79కే పెరిగి ఉంటే కథ వేరు. మెటోప్రొలాల్ లాంటి బిళ్ల పల్స్‌ను పట్టి ఉంచుతోందా చూడాలి. అదీ లేకపోతే పాత షుగర్ వల్లో, పార్కిన్సన్స్ వల్లో నరాలు దెబ్బతిన్నాయని అనుమానించాలి. వీళ్లకు ఓఆర్ఎస్‌తో తీరదు. లేచే ముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని పిక్కలు బిగించడం, పొద్దున్నే రెండు గ్లాసుల నీళ్లు గబగబా తాగడం కొంత ఆసరా ఇస్తాయి. మిగతాది డాక్టరు చూడాలి.

సమస్య: బీపీ తక్కువ, మనిషి తీరు బాగాలేదు

చేతులు చల్లబడి చెమటలు పట్టడం, మాట తడబడటం, ఛాతీ నొప్పి, ఆయాసం, జ్వరంతో పాటు మగత, తారులాంటి నల్లటి విరేచనం, మూత్రం బాగా తగ్గిపోవడం, నెల తప్పిన స్త్రీకి పొత్తికడుపు నొప్పి: వీటిలో ఏదున్నా పరీక్షల పేరుతో లేపి నిలబెట్టకండి. పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఆయాసపడుతుంటే మాత్రం ఆనించి కూర్చోబెట్టండి. మగతగా ఉన్నవాళ్ల నోట్లో ఏమీ పోయకండి.

సమస్య: నెలల తరబడి నీరసం, బరువు తగ్గడం, బీపీ తక్కువ

దీన్ని రక్తహీనత కింద కట్టేసి ఐరన్ బిళ్లలు మింగుతూ ఉంటారు. అరచేతి గీతలు, చిగుళ్లు నల్లబడి, ఉప్పు తినాలనిపిస్తుంటే కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు దెబ్బతిన్నాయేమో చూడాలి. టీబీ కూడా వాటిని పాడుచేస్తుంది. పొద్దున ఎనిమిది గంటల ప్రాంతంలో ఆ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోన్, దానితో సోడియం, పొటాషియం పరీక్షలు చేయిస్తారు. కీళ్ల నొప్పులకో, ఆయాసానికో నెలల పాటు ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ వాడి ఒక్కసారిగా మానేసినా గ్రంథులు కార్టిసాల్ అందించలేవు, బీపీ పడుతుంది. ఆ బిళ్లల సంగతి అడగకపోయినా మీరే చెప్పండి. పేరు తెలియకపోతే ఖాళీ స్ట్రిప్పు పట్టుకెళ్లండి.