యాప్‌లో ఒక లెక్క, బ్యాంకులో ఇంకో లెక్క: డాలరు ట్రేడ్లను రూపాయల్లో రాసుకునే పద్ధతి

మా బావది చీమకుర్తి. గెలాక్సీ గ్రానైట్ పలకలు పాలిష్ చేసి విదేశాలకు పంపే యూనిట్‌లో ఆయనకు భాగం ఉంది. నేను కావలిలో కొందరు వ్యాపారుల లెక్కలు రాస్తాను. 2022 జనవరిలో బావ బ్యాంకు ద్వారా డబ్బు పంపి అమెరికా షేర్ల ఇండెక్స్ ఫండ్ కొన్నారు. అక్టోబరు ఆఖర్లో అమ్మేసి డబ్బు వెనక్కి తెప్పించుకున్నారు. ఆ రోజు ఫోన్ చేసి అడిగిన మాట ఇది: "బామ్మర్దీ, యాప్ చూస్తే పంతొమ్మిది శాతం పోయిందంటోంది. పాస్‌బుక్ చూస్తే అంత పోలేదు. ఇందులో ఏది నిజం?"

రెండూ నిజమే. ఆ రెండింటి మధ్య తేడా ఎక్కడిదో తెలియకపోతే మాత్రం తర్వాతి ట్రేడుకు తప్పు పాఠం నేర్చుకుంటాం. ఆయన ట్రేడ్లు రాసుకునే కంప్యూటర్ షీటులో నేను చూసిన తప్పులు తర్వాత మరో ఇద్దరి షీటుల్లోనూ కనిపించాయి. అందుకే ఒక్కో లక్షణం పట్టుకుని రాస్తున్నాను.

సమస్య: యాప్ చూపే లాభనష్టానికీ చేతికొచ్చిన రూపాయలకూ పొంతన లేదు

ముందు బావ అంకెలు చూద్దాం. ఆయన పంపినది 5,000 డాలర్లు. బ్యాంకు డాలరుకు 75 రూపాయలు పట్టింది, అంటే 3,75,000 రూపాయలు వెళ్లాయి. అమ్మినప్పుడు వచ్చినవి 4,050 డాలర్లు. బ్యాంకు డాలరుకు 82 రూపాయల చొప్పున లెక్కగట్టి 3,32,100 రూపాయలు జమ చేసింది.

డాలర్లలో 950 పోయాయి, అంటే 19 శాతం. రూపాయల్లో 42,900 పోయాయి, అంటే 11 శాతం పైచిలుకు. బావ తన షీటులో ఏం చేశారంటే, 950 డాలర్లను అమ్మిన రోజు రేటు 82తో గుణించి "నష్టం 77,900" అని రాసుకున్నారు. ఇంట్లో కూడా అదే చెప్పారు. మా అక్క రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నిజంగా ఇంటి నుంచి పోయినది 42,900 మాత్రమే.

కారణం: ఆయన నష్టాన్ని మాత్రమే రూపాయల్లోకి మార్చారు, పెట్టుబడిని మార్చలేదు. పెట్టుబడిగా పెట్టిన 5,000 డాలర్లు కూడా ఆ పది నెలల్లో రూపాయల్లో విలువ పెరిగాయి. డాలరు 75 నుంచి 82కి వెళ్లడంతో వాటి మీద 35,000 కలిసొచ్చింది. 77,900 నుంచి 35,000 తీసేస్తే సరిగ్గా 42,900.

పరిష్కారం: కొన్న మొత్తాన్ని కొన్న రోజు రేటుతో, అమ్మిన మొత్తాన్ని అమ్మిన రోజు రేటుతో విడివిడిగా రూపాయల్లోకి మార్చాలి. ఆ తర్వాతే తీసివేత చేయాలి. ముందు డాలర్లలో తీసివేసి చివర్లో ఒక్క రేటుతో గుణిస్తే, రేటు తేడా వల్ల వచ్చిందో పోయిందో లెక్కలోకి రాదు.

అంతటితో ఆగకుండా ఆ మొత్తాన్ని రెండు ముక్కలు చేయమని బావకు చెప్పాను. ఇది ఆయనకు కొత్త విషయం కాదు. గ్రానైట్ బిల్లు డాలర్లలో వేస్తారు, డబ్బు వచ్చేసరికి నెలా రెండు నెలలు పడుతుంది. ఈలోపు రేటు మారితే ఆ తేడాను మేం అమ్మకాల ఖాతాలో కలపం, "రేటు తేడా" అని వేరే ఖాతాలో రాస్తాం. లేకపోతే పలకలు బాగా అమ్ముడై లాభమొచ్చిందో, డాలరు పెరిగి వచ్చిందో ఎవరికీ తెలియదు. షేర్లకూ అదే పద్ధతి. కొన్న డాలర్లు B, కొన్న రోజు రేటు C, అమ్మిన డాలర్లు D, అమ్మిన రోజు రేటు E నిలువు గడుల్లో ఉంటే:

```
F2: =D2*E2-B2*C2
G2: =(D2-B2)*E2
H2: =B2*(E2-C2)
```

F అసలు రూపాయల ఫలితం. G ట్రేడు వల్ల వచ్చినది. H రేటు తేడా. G, H కలిపితే ఎప్పుడూ F రావాలి, పైసా కూడా తేడా రాకూడదు. రెండింటినీ వేరే విధంగా విడగొట్టేవాళ్లు కూడా ఉన్నారు. ట్రేడు ఫలితాన్ని కొన్న రోజు రేటుతో గుణించి, మిగిలినదంతా రేటు తేడాలో వేస్తారు. ఏదైనా ఫర్వాలేదు గానీ ఏడాది మధ్యలో పద్ధతి మార్చకండి.

ఈ రెండు ముక్కలు ఎందుకు ముఖ్యమో 2025లో బాగా అర్థమైంది. ఫిబ్రవరిలో 87 దాటిన డాలరు మే మొదట్లో 84, 85 మధ్యకు దిగింది. బావ 87.50 రేటున 1,000 డాలర్లతో ఒక షేరు కొని, మేలో 1,030కి అమ్మారు. యాప్ ఆకుపచ్చ రంగులో మూడు శాతం లాభం చూపించింది. 84.50 రేటుకు ఆ 1,030 డాలర్ల విలువ 87,035 రూపాయలు. పెట్టినవి 87,500. అంటే 465 రూపాయల నష్టం. విడగొడితే ట్రేడులో 2,535 లాభం, రేటు తేడాలో 3,000 నష్టం. షేరును ఎంచుకోవడంలో ఆయన తప్పు చేయలేదు. రేటు ఎదురు తిరిగింది. ఒకే అంకె చూసి ఉంటే "ఈ షేరు జోలికి మళ్లీ పోకూడదు" అనుకునేవారు.

సమస్య: ఏ ట్రేడూ చేయకపోయినా షీటులో పాత లాభాలు రోజూ మారుతున్నాయి

కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే. షీటు పైన ఒక గడిలో ఇవాళ్టి డాలరు రేటు తెచ్చే ఫార్ములా పెట్టి, కింద వరుసలన్నీ దానితోనే గుణిస్తుంటారు. రెండేళ్ల కిందట అమ్మి, ఖర్చు కూడా పెట్టేసిన డబ్బు ఇవాళ్టి రేటుతో మళ్లీ లెక్క అవుతుంది. రూపాయి పడిపోయినప్పుడల్లా పాత లాభాలు ఉబ్బిపోతాయి. ఇది చూసి "నా పద్ధతి బాగా పనిచేస్తోంది" అని పెట్టుబడి పెంచినవాళ్లను చూశాను. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే తప్పు ఇదే.

పరిష్కారం: ప్రతి వరుసకూ దాని రోజు రేటు దానికే ఉండాలి. A2లో కొన్న తేదీ ఉంటే గూగుల్ షీట్స్‌లో ఆ రోజు రేటు ఇలా తెచ్చుకోవచ్చు, అమ్మిన తేదీ ఉన్న గడితోనూ ఇంతే:

```
=INDEX(GOOGLEFINANCE("CURRENCY:USDINR","price",A2),2,2)
```

రేటు వచ్చాక ఆ గడిని కాపీ చేసి, అదే చోట Ctrl+Shift+V తో అంకెగా అతికించండి. అప్పుడు ఫార్ములా పోయి అంకె మాత్రమే మిగులుతుంది, ఇక మారదు. ఇవాళ్టి రేటు ఇంకా అమ్మని షేర్లకు మాత్రమే వాడాలి, వాటిని వేరే పేజీలో ఉంచితే గందరగోళం ఉండదు.

సరి చేశారో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఇవాళ్టి రేటు గడిలో 100 అని కొట్టి చూడండి. అమ్మేసిన ట్రేడుల్లో ఒక్క అంకె కదిలినా ఇంకా ఎక్కడో పాత ముడి మిగిలి ఉన్నట్టే.

సమస్య: వరుసలన్నీ సరిగ్గానే ఉన్నాయి, మొత్తం మాత్రం కుదరడం లేదు

దీని కోసం నేనూ ఒక ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చున్నాను. బావ మేలో అమ్మిన 1,030 డాలర్లను ఇంటికి తెప్పించుకోలేదు. బ్రోకరు ఖాతాలో అలాగే ఉంచి, జులైలో రేటు 86 ఉన్నప్పుడు ఇంకో షేరు కొన్నారు. పాత వరుస 84.50తో ముగిసింది, కొత్త వరుస 86తో మొదలైంది. ఈ మధ్యలో ఖాళీగా కూర్చున్న 1,030 డాలర్లు రూపాయిన్నర చొప్పున 1,545 రూపాయలు సంపాదించాయి. అవి ఏ వరుసలోనూ లేవు.

కొందరు కొత్త ట్రేడును కూడా పాత 84.50తోనే మొదలుపెడతారు. అప్పుడు మొత్తం కుదురుతుంది గానీ, ఆ 1,545 కొత్త షేరు ఖాతాలో పడుతుంది. ఆ షేరు కొనకముందే వచ్చిన డబ్బును దాని పేరు మీద రాసినట్టు అవుతుంది.

పరిష్కారం: ఖాళీ డాలర్లను కూడా ఒక సరుకుగా చూడాలి. షేరు అమ్మిన రోజు "డాలర్లు కొన్నాం" అని 1,030 దగ్గర 84.50, కొత్త షేరు కొన్న రోజు "డాలర్లు అమ్మాం" అని 1,030 దగ్గర 86 వేస్తూ ఒక వరుస రాయండి. డాలర్లు మారలేదు కాబట్టి G సున్నా, H 1,545 వస్తుంది. మొదట డబ్బు పంపిన రోజుకూ షేరు కొన్న రోజుకూ మధ్య ఎడం ఉన్నా ఇదే పద్ధతి.

నెలాఖరున సరిచూసుకునేది ఇలా. ఖాతాలో ఉన్న షేర్లు, డాలర్లు కలిపి ఇవాళ్టి రేటుతో రూపాయల్లో వేయండి. ఇప్పటిదాకా వెనక్కి తెప్పించుకున్న రూపాయలు కలపండి. పంపిన రూపాయలన్నీ తీసేయండి. వచ్చిన అంకె అమ్మినవీ అమ్మనివీ కలిపి అన్ని వరుసల F మొత్తంతో సమానం కావాలి.

అలా చూసినా రెండు మూడు వేలు తక్కువ వస్తే అనుమానం బ్యాంకు రేటు మీదికి పోవాలి. తెర మీద కనిపించేది మార్కెట్ రేటు. బ్యాంకు డాలర్లు అమ్మేటప్పుడు దానికంటే ఎక్కువ, కొనేటప్పుడు దానికంటే తక్కువ పడుతుంది. బావ అక్టోబరు అమ్మకాన్ని నేను మొదట తెర మీది 82.60తో వేసి 3,34,530 రాశాను. పాస్‌బుక్‌లో పడినవి 3,32,100. తేడా 2,430. అది ట్రేడు నష్టమూ కాదు, రేటు తేడా కూడా కాదు, డబ్బు దాటించినందుకు అయిన ఖర్చు. బ్యాంకు ఇచ్చే చీటీలో ఉన్న రేటు చూసుకుని ఆ తేడాను, చార్జీలను వేరే గడిలో రాయండి. చిన్న మొత్తాలు పదేపదే పంపేవాళ్లకు ఈ గడి చూస్తే కళ్లు తెరుచుకుంటాయి.

ఈ షీటు ఎక్కడ పనికిరాదు

పన్నుకు ఈ అంకెలు నేరుగా వాడకండి. ఆదాయపన్ను నియమాల ప్రకారం విదేశీ షేరు అమ్మితే, అమ్మిన నెలకు ముందు నెల ఆఖరి రోజున ఉన్న స్టేట్ బ్యాంకు టీటీ కొనుగోలు రేటు, అంటే విదేశాల నుంచి వచ్చిన డాలర్లను ఆ బ్యాంకు కొనే రేటు తీసుకోవాలి. అది మీ బ్యాంకు మీకిచ్చిన రేటు కాదు. అందుకని పన్ను రేటుకు వేరే నిలువు గడులు పెట్టి, కొన్న ధరను ఏ రేటుతో మార్చాలో మీ ఆడిటర్‌ను అడిగి రాసుకోండి.

కొంత డబ్బు మార్జిన్‌గా కట్టించుకుని, మిగతాది అప్పుగా ఇచ్చి కరెన్సీ ట్రేడింగ్ చేయించే విదేశీ యాప్‌లకు ఈ లెక్క వర్తించదు. విదేశాల్లో మార్జిన్ కట్టడానికి మన బ్యాంకుల నుంచి డబ్బు పంపడం నిషిద్ధం. అనుమతి లేని అలాంటి వేదికల జాబితాను రిజర్వ్ బ్యాంకు తన సైటులో పెట్టింది, ఒకసారి చూసుకోండి.

ఇంకొకటి. నెల్లూరు, ఒంగోలు వైపు చాలా ఇళ్ల నుంచి పిల్లలు అమెరికాలో చదువుతున్నారు. ఆ ఫీజు కోసమే డాలర్లలో దాచుకుంటున్న డబ్బుకు డాలరు లెక్కే సరైనది, ఎందుకంటే ఖర్చు కూడా డాలర్లలోనే. రూపాయి పడితే H గడి పెరుగుతుంది, కట్టాల్సిన ఫీజూ అంతే పెరుగుతుంది. అది లాభమని సంబరపడటానికి లేదు. బావ పరిస్థితి వేరు. ఆయన గ్రానైట్ రాబడి ఎలాగూ డాలరు మీదే ఆధారపడింది. డాలరు దిగితే యూనిట్‌లోనూ షేర్లలోనూ ఒకేసారి దెబ్బ తగులుతుంది. అది తెలిశాక ఆయన నెల నెలా ముందు H గడుల మొత్తం చూస్తున్నారు, ఆ తర్వాతే G.