విచక్షణ సూచిక పడిపోయిందా? ప్రశ్నను కొట్టేసే ముందు సెట్లవారీగా విడదీసి చూడండి

బెంగళూరులో నీట్, కేసీఈటీ నమూనా పరీక్షలు నడిపే తెలుగు లెక్చరర్లు ఫలితాల విశ్లేషణ చేతికి రాగానే నాకు పంపే సందేశం దాదాపు ఒకేలా ఉంటుంది: "సార్, ఈ ప్రశ్నకు విచక్షణ సూచిక తక్కువ వచ్చింది, ప్రశ్నల నిధిలోంచి తీసేద్దామా?" నా మొదటి ప్రశ్న కూడా ఎప్పుడూ ఒకటే: సెట్లవారీగా చూశారా? చూసినవారు అరుదు.

కఠినతా సూచిక అంటే సరిగా రాసినవారి నిష్పత్తి అని, అది పెరిగేకొద్దీ ప్రశ్న సులువని మీకు తెలుసనే అనుకుంటున్నాను. విచక్షణ సూచిక కోసం మొత్తం మార్కుల ప్రకారం పై 27 శాతం మందిని, కింది 27 శాతం మందిని తీసుకుని, ఆ ప్రశ్నను సరిగా రాసినవారి నిష్పత్తుల మధ్య తేడా కడతాం. 0.40 దాటితే చాలా మంచి ప్రశ్న, 0.20 లోపుంటే పనికిరాదు, మధ్యలో ఉంటే సరిచూసుకోవాలి అన్నది వాడుకలో ఉన్న కొలమానం.

లక్షణం: సూచిక రుణాత్మకంగా వచ్చింది

ఇది సులువైన కేసు, ఎందుకంటే తప్పు తనంతట తానే బయటపడుతుంది. పై వర్గంవారు ఏ ఆప్షన్ ఎంచుకున్నారో చూడండి. అందరూ ఒకే "తప్పు" ఆప్షన్ దగ్గర గుమిగూడితే కీ తప్పు. రెండు ఆప్షన్ల మధ్య చీలిపోతే రెండు జవాబులూ సరైనవయ్యే అవకాశం ఉంది, ప్రశ్నను మళ్లీ చదవండి. దీనికి అయిదు నిమిషాలు చాలు.

లక్షణం: సూచిక 0.20 దగ్గర ఊగిసలాడుతోంది, కఠినతా సూచిక మాత్రం మామూలుగానే ఉంది

అసలు మోసం ఇక్కడే ఉంది. సంఖ్య రుణాత్మకం కాదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. "అంత మంచి ప్రశ్న కాదులే" అని పక్కన పెట్టేస్తారు. ప్రశ్న మంచిదే. నాలుగు సెట్లలో ఒక్క సెట్‌కు మాత్రమే కీ తప్పు పడి ఉంటుంది. మిగతా మూడు సెట్ల మంచి ఫలితం ఆ తప్పును కప్పేస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 200 మంది విద్యార్థులు. డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్ అని నాలుగు సెట్లు, ఒక్కొక్కటి 50 మందికి. 17వ ప్రశ్న ఇది: R నిరోధం ఉన్న తీగను, ఘనపరిమాణం మారకుండా, రెట్టింపు పొడవుకు సాగదీస్తే కొత్త నిరోధం ఎంత? పొడవు రెట్టింపై, మధ్యచ్ఛేద వైశాల్యం సగమవుతుంది కాబట్టి జవాబు 4R. వైశాల్యం సంగతి మరిచిపోయినవారు 2R అంటారు.

నివేదికలో కఠినతా సూచిక 0.615 అని ఉంది, అంటే 123 మంది సరిగా రాశారు. పై వర్గంలోని 54 మందిలో 39 మంది, కింది వర్గంలోని 54 మందిలో 28 మంది సరి. తేడా 11/54, అంటే 0.20. ఇంతవరకు చూస్తే సాదాసీదా ప్రశ్న.

ఇప్పుడు సెట్లవారీగా చూడండి. ఎక్సెల్‌లో బి నిలువు వరుసలో సెట్ కోడ్, ఎస్ నిలువు వరుసలో 17వ ప్రశ్నకు 1 లేదా 0 ఉన్నాయనుకుంటే ఒక్క సూత్రం చాలు:

```
=AVERAGEIFS(S:S,B:B,"Z")
```

మొదటి మూడు సెట్లలో వరుసగా 40, 38, 39 మంది సరి. జెడ్ సెట్‌లో ఆరుగురే! జెడ్ సెట్ విద్యార్థులు దిద్దిన అసలు ఆప్షన్లు లెక్కిస్తే 38 మంది మూడో ఆప్షన్, ఆరుగురు రెండో ఆప్షన్, మిగిలిన ఆరుగురు ఇతర ఆప్షన్లు. కీలో ఉన్నది 2. ముద్రించిన జెడ్ పత్రంలో రెండోది 2R, మూడోది 4R. అంటే ఆ సెట్‌లో మార్కు దక్కింది వైశాల్యం మరిచిపోయినవారికి. వారిలో పై వర్గంవారు ఒక్కరూ లేరు, నలుగురు కింది వర్గంవారు. జెడ్ సెట్‌ను విడిగా లెక్కిస్తే సూచిక రుణాత్మకమే. నాలుగు సెట్లనూ కలిపి లెక్కించడం వల్లే అది కనబడలేదు.

ఇలా ఎందుకు జరుగుతుంది? పత్రం చివరి ప్రూఫు చూసేటప్పుడు ఎవరో ఆ ఒక్క సెట్‌లో ఆప్షన్ల వరుస మారుస్తారు, కీ ఫైలు మాత్రం పాతదే మిగిలిపోతుంది. "కీ సరిచూశాం సార్" అని అందరూ నిజాయితీగానే చెబుతారు. వాళ్లు చూసింది డబ్ల్యూ సెట్ కీ!

కీని మూడుగా మార్చండి. అయితే 38 మంది ఎంచుకున్నారు కదా అని మాత్రం మార్చకండి. ఎక్కువమంది రాసినంత మాత్రాన జవాబు సరైనది కాదు. హాల్లో పంచిన జెడ్ పత్రం కాగితాన్ని చేతిలో పెట్టుకుని (కంప్యూటర్‌లోని ఫైలు కాదు, అది ముద్రణకు వెళ్లినదే అన్న భరోసా లేదు) ప్రశ్నను సాధించి చూడండి. ఆ తర్వాత మార్కులు తిరిగి లెక్కించండి. వర్గాలు అవే అనుకుంటే, పై వర్గంలో 39కి 12 కలిసి 51 అవుతుంది. కింది వర్గంలో 28 నుంచి 2R రాసిన నలుగురు పోగా మిగిలిన 24కి 7 కలిసి 31. తేడా 20/54, అంటే 0.37. కఠినతా సూచిక 0.775. కొట్టేయబోయిన ప్రశ్న ఇది! నిజానికి మొత్తం మార్కులు మారాయి కాబట్టి వర్గాల్లో ఒకరిద్దరు అటూఇటూ కావచ్చు. అందుకే 17వ ప్రశ్న ఒక్కదాన్నే కాకుండా విశ్లేషణ మొత్తాన్ని మళ్లీ నడపాలి.

సెట్‌లో కఠినతా సూచిక పడిపోయిన తీరును బట్టి కారణం ఊహించవచ్చు. ఒక సెట్‌లో ఒకే ప్రశ్న పడితే కీలో ఒక జవాబు తప్పు. పక్కపక్కన ఉన్న రెండు ప్రశ్నలు కలిసి పడితే అవి తారుమారయ్యాయి. ఒక ప్రశ్న నుంచి చివరిదాకా అన్నీ 0.25 పరిసరాలకు పడితే కీలో ఒక వరుస జారింది. ఆ తర్వాతి మార్కులన్నీ అదృష్టమే.

సెట్ల మధ్య ప్రతి తేడాకూ ఉలిక్కిపడకండి. 50 మంది చొప్పున ఉన్నప్పుడు 0.78కి 0.68కి మధ్య తేడా యాదృచ్ఛికంగా కూడా వస్తుంది. 0.78 పక్కన 0.12 కనిపిస్తే అది వేరే సంగతి. అలాగే ఒక సెట్ మొత్తాన్ని ఒకే సెక్షన్‌కు పంచి ఉంటే, ముందు ఆ సెట్ మొత్తం మార్కుల సగటును మిగతావాటితో పోల్చండి. అన్ని ప్రశ్నల్లోనూ కాస్త వెనకబడి ఉంటే ఆ సెక్షన్ బలహీనమైనది, కీ తప్పేమీ లేదు.

లక్షణం: బాగా చదివే విద్యార్థి ఉన్నట్టుండి కింది వర్గంలో తేలాడు

ఓఎంఆర్ షీటులో సెట్ కోడ్ తప్పుగా దిద్ది ఉంటాడు. అతని జవాబులను మిగతా మూడు కీలతోనూ దిద్దించండి. ఒకదానితో మార్కులు ఒక్కసారిగా పెరిగితే దొరికినట్టే. ఇలాంటివారు నలుగురైదుగురుంటే కింది వర్గం లెక్కలన్నీ చెడిపోతాయి కాబట్టి, వారిని సరిచేశాకే ప్రశ్నల జోలికి వెళ్లండి.

మిగతావి

చాలా సులువైన ప్రశ్నకు సూచిక తక్కువ రావడం లోపం కాదు. 200 మందిలో పదిమందే తప్పు రాస్తే, ఆ పదిమందీ కింది వర్గంలోనే ఉన్నా సూచిక 10/54, అంటే 0.19 దాటదు. పరీక్షలో చివరి ప్రశ్నలు మాత్రమే వింతగా ఉంటే ఖాళీలు లెక్కపెట్టండి, సమయం చాలలేదేమో. విద్యార్థులు ముప్పైమందే ఉంటే ఒక్కో వర్గంలో ఎనిమిది మందే ఉంటారు, ఒక్కరు అటూఇటూ అయినా సూచిక 0.125 కదులుతుంది. ఆ సంఖ్యను పట్టుకుని ఏ ప్రశ్ననూ తీసేయకండి. కాపీ, స్కానర్ మచ్చలు వంటివి ఉంటాయి, కానీ పైవన్నీ చూశాకే వాటి దాకా వెళ్లండి.